వచ్చే వీడియో ఏది చేయాలి? మీ ఓటు కావాలి

అందరికీ నమస్కారం.

వచ్చే వీడియో ఏం చేయాలో ఈసారి మీరే తేల్చాలి. కింద పోల్‌లో ఐదు ఆప్షన్లు పెట్టాను. ఆదివారం రాత్రి 9 గంటలకు ఏది ముందుంటే దాన్ని సోమవారం షూట్ చేస్తాను, శనివారం అప్‌లోడ్ చేస్తాను. రెండో స్థానంలో వచ్చింది ఆ తర్వాతి వారం. ఓట్లు సమానమైతే కామెంట్లలో దేని మీద ఎక్కువ ప్రశ్నలు ఉంటే అది ముందు.

ఐదింట్లో ఒక్క రెసిపీ కూడా లేదు. “వంటకం ఏది అక్కా?” అని అడిగేవాళ్లు ఉంటారని తెలుసు, అందుకే ముందే చెప్పేస్తున్నా. రెసిపీ వీడియోల కింద మీరు రాసే కామెంట్లు అన్నీ చదువుతాను. కొలతలు చెప్పినట్టే వేశాం, అయినా రంగు రాలేదు అంటారు. నూనె పీల్చేసింది అంటారు. పెనానికి అతుక్కుపోయింది అంటారు. వీటికి ఇంకో రెసిపీ పెడితే ఏం లాభం? అక్కడ కూడా అదే ఉల్లిపాయ, అదే నూనె, అదే పెనం. ఆ ఒక్క పని కుదిరితే ఇప్పటికే మీకు వచ్చిన వంటలన్నీ మెరుగవుతాయి.

పేరు చూసి ఓటేయకండి. ఒక్కోదాంట్లో ఏం ఉంటుందో చదివి వేయండి.

ఉల్లిపాయలు వేయించడం. నవ్వకండి, నాకు వచ్చే ప్రశ్నల్లో పెద్ద వాటా దీనిదే. “బంగారు రంగు వచ్చేదాకా 5 నిమిషాలు వేయించండి” అని చాలా రెసిపీల్లో రాసేస్తారు. 5 నిమిషాల్లో ఉల్లిపాయ మెత్తబడుతుంది, అంచులు కాస్త రంగు తిరుగుతాయి, అంతే. మొత్తం ముదురు గోధుమ రంగులోకి, తియ్యగా రావాలంటే సన్న మంట మీద 40 నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఆలస్యానికి కారణం నీళ్లు. ఉల్లిపాయ బరువులో దాదాపు 90 శాతం నీరే. ఆ తడి ఉన్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రంగు, కమ్మటి వాసన గబగబా పుట్టడానికి ఆ వేడి చాలదు. అమైనో ఆమ్లాలు, చక్కెరలు వేడికి కలిసి ఆ రంగు తెచ్చే తీరును 1912లో లూయీ కామీ మయార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త మొదట వివరించాడు. ఇప్పటికీ దాన్ని మయార్ చర్య అనే అంటారు. వీడియోలో కెమిస్ట్రీ క్లాసు ఉండదు, భయపడకండి. ఒకే బరువు ఉల్లిపాయలు తీసుకుని పక్కపక్కనే వేయించి చూపిస్తాను. ఒకటి వెడల్పు పెనంలో, ఒకటి ఇరుకు గిన్నెలో. ఇరుకు గిన్నెలో ఆవిరి బయటికి పోయే దారి తక్కువ, పైగా ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి వేగాల్సినవి ఉడుకుతాయి. ఇంకోదాంట్లో మొదట్లోనే ఉప్పు. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, త్వరగా మెత్తబడతాయి. మరోదాంట్లో చిటికెడు వంట సోడా. సోడాతో రంగు నిజంగానే తొందరగా వస్తుంది, కానీ ముక్క గుజ్జయిపోతుంది. గ్రేవీలోకి అయితే పర్వాలేదు, పైన కరకరలాడుతూ చల్లుకోవడానికి అయితే దండగ. అడుగున రంగు పట్టినప్పుడు రెండు చెంచాల నీళ్లు పోసి గీకడం కూడా ఇందులోనే. అడుగున ఉన్నది మాడు కాదు, రుచి. ఎంత ముదిరాక మాడు అవుతుందో దగ్గర నుంచి చూపిస్తాను, ఎందుకంటే అది మాటల్లో చెప్తే ఎవరికీ అర్థం కాదు.

నూనెలో వేయించడం, నూనె పీల్చకుండా. మనందరికీ ఉన్న నమ్మకం ఏంటంటే, మూకుడులో ఉన్నంతసేపూ నూనె లోపలికి పోతూనే ఉంటుందని. జరిగేది వేరు. నూనె బాగా కాగి ఉంటే ముక్కలోని నీరు ఆవిరై బయటికి తన్నుకొస్తుంది. మీకు కనిపించే బుడగలు అవే. ఆవిరి బయటికి వస్తున్నంతసేపు నూనెకు లోపలికి పెద్దగా దారి ఉండదు. బయటికి తీసి చల్లారుతున్నప్పుడు లోపలి ఆవిరి తగ్గిపోయి, పైన అంటుకుని ఉన్న నూనెను లోపలికి లాక్కుంటుంది. అందుకని తీసిన వెంటనే, వేడిగా ఉండగానే బాగా విదిలించి, జాలీ మీద వేయాలి. తీసి మాట్లాడుతూ గరిటెలోనే ఉంచేస్తే ఆ నూనె మీ పొట్టలోకే. ఎక్కువ వాటికి 170 నుంచి 190 డిగ్రీల మధ్య వేడి సరిపోతుంది. అంతకు తక్కువైతే వేగడానికి ఎక్కువసేపు పడుతుంది, పైన గట్టి పొర సరిగా కట్టదు. ఒకేసారి మూకుడు నిండా వేస్తే వేడి ఢామ్మని పడిపోతుంది, అప్పుడూ అదే గతి. థర్మామీటర్ లేనివాళ్లకు చెక్క గరిట కాడతో వేడి ఎలా చూసుకోవాలో, వాడిన నూనెను ఎప్పుడు పారేయాలో కూడా చెప్తాను. మరిగించగా మరిగించగా నూనె చిక్కబడుతుంది, నురగ కడుతుంది, ముందుకంటే తక్కువ వేడికే పొగ వస్తుంది. అవి కనిపిస్తే ఇక దాని మీద మమకారం వద్దు.

ఈ ఆప్షన్ గెలవకపోయినా ఒక సంగతి ఇప్పుడే రాస్తున్నా. నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై మండుతున్న నూనెను చుట్టూ చిమ్ముతుంది. స్టవ్ ఆపండి, అందితే మూత పెట్టండి, మూకుడును అటూఇటూ జరపొద్దు. మంట పెద్దదైతే ఇంట్లో అందరూ బయటికి వచ్చేసి ఫైర్ వాళ్లకు ఫోన్ చేయండి. దీనికి పోల్ అక్కర్లేదు.

కాస్ట్ ఐరన్ పెనం. కొని, ఒకసారి వాడి, తుప్పు పట్టిందని అటక ఎక్కించినవాళ్లు చేతులెత్తండి! తుప్పు పట్టిన పెనం చాలాసార్లు పాడైపోయినట్టు కాదు. స్టీల్ పీచుతో తుప్పంతా రుద్ది, కడిగి, స్టవ్ మీద పూర్తిగా ఆరబెట్టి, మళ్లీ సీజనింగ్ చేసుకోవచ్చు. సీజనింగ్‌లో మ్యాజిక్ ఏమీ లేదు. పల్చగా రాసిన నూనె బాగా వేడెక్కితే గట్టి పొరగా మారి ఇనుముకి పట్టేసుకుంటుంది. ఇక్కడ చాలామందికి దెబ్బకొట్టేది నూనె ఎక్కువ రాయడం. అప్పుడు పొర గట్టిపడకుండా జిగటగా మిగిలిపోతుంది. నూనె రాశాక, అసలు రాయలేదేమో అనిపించేంతగా తుడిచేయాలి. ఓవెన్ ఉన్నవాళ్లకు, లేనివాళ్లకు రెండు పద్ధతులూ చూపిస్తాను. ఇక సబ్బు గొడవ. గిన్నెలు కడిగే మామూలు లిక్విడ్ కొంచెం వాడితే పొర పోదు. వద్దనే మాట ఘాటైన క్షారం ఉన్న పాత సబ్బుల కాలం నుంచి వస్తోంది. కడగడం కంటే నానబెట్టడమే దానికి ప్రమాదం. టమాటా, వెనిగర్ లాంటి పులుపుని అందులో గంటల తరబడి ఉడికించినా పొర లేస్తుంది. ఈ వీడియోకి పాత తుప్పు పెనం ఒకటి సిద్ధంగానే ఉంది, చూడ్డానికి భయంకరంగా ఉంటుంది.

ఉడికించిన గుడ్డు. ఇది చిన్న వీడియో. పెంకు ఒలిస్తే సగం గుడ్డు దాంతోనే వచ్చేస్తోంది అనేవాళ్లకు, పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత వస్తోంది అనేవాళ్లకు. మరీ తాజా గుడ్లు ఒలవడం కష్టం, కొన్ని రోజులు ఆగినవి సులభం. చన్నీళ్లలో పెట్టి కాచేకంటే మరిగే నీళ్లలో దించితే పెంకు బాగా వస్తుంది. ఆ గీత ఎక్కువసేపు ఉడకడం వల్ల సొనలోని ఇనుము, తెల్లదాంట్లోని సల్ఫర్ కలిసి వచ్చేది. తినడానికి ఏ ఇబ్బందీ లేదు. చూశారా, సగం వీడియో ఇక్కడే అయిపోయింది. నిమిషం నిమిషానికీ ఒక గుడ్డు తీసి కోసి చూపించడమే మిగిలింది.

మిగిలినవి దాచుకోవడం. నిజం చెప్పాలంటే నా ఓటు దీనికి. ఓట్లు రావనీ తెలుసు, థంబ్‌నెయిల్‌లో ఫ్రిజ్ డబ్బాలు ఎవరికి కావాలి! కానీ ఇది ఇంట్లో అందరి ఆరోగ్యం సంగతి. అన్నాన్నే తీసుకోండి. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విత్తుల్లాంటి రూపంలో బియ్యంలో ఉండొచ్చు, అవి ఉడికించినా చావవు. అన్నం బయట గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే అవి మేలుకొని పెరుగుతాయి. వాటిలో కొన్ని వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. “తినేముందు మరిగించేస్తాం కదా” అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వంటను ఎంత తక్కువసేపు ఉంచితే అంత మంచిది, 2 గంటల లోపే ఫ్రిజ్‌లో పెట్టేయాలి. పెద్ద గిన్నెను గిన్నెలాగే పెట్టేస్తే మధ్యలో ఉన్నది చాలాసేపు వేడిగానే ఉంటుంది, లోతు తక్కువ ఉన్న డబ్బాల్లో పల్చగా సర్దాలి. ఏది ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, ఏది పెడితే కరిగాక పనికిరాకుండా పోతుంది, ఎలా వేడి చేయాలి, ఇవన్నీ ఇందులో. ఇది ఆఖరి స్థానంలో వచ్చినా ఒక షార్ట్ అయినా పెడతాను.

కత్తులకు పదును పెట్టడం అడిగినవాళ్లకు: మర్చిపోలేదు. అంచు దగ్గరగా కనిపించకపోతే ఆ వీడియో శుద్ధ దండగ. దానికి తగ్గ లెన్స్ వచ్చాక చేస్తాను, అందుకే ఈ పోల్‌లో లేదు.

ఓటేశాక వీలైతే ఒక కామెంట్ రాయండి. మీరు ఎంచుకున్నదాంట్లో మీకు సరిగ్గా ఎక్కడ తేడా కొడుతోందో చెప్పండి. గ్యాస్ స్టవ్వా, ఇండక్షనా, గిన్నె పల్చనిదా మందందా, ఒకేసారి ఎంత వేస్తున్నారు, ఇవి రాస్తే నాకు చాలా ఉపయోగం. “నాకు రావట్లేదు అక్కా” అని మాత్రమే రాస్తే నేనేం చూపించను చెప్పండి? షూటింగ్‌లో మీ స్టవ్వూ మీ గిన్నె లాంటివే పెట్టి చేయాలని నా ఆలోచన.

ఇంకొకటి, వీడియో ఎంతసేపు ఉండాలి? 10 నిమిషాల్లో ముగించమనేవాళ్లు కామెంట్లో 10 అని, తీరిగ్గా అన్నీ చూపించమనేవాళ్లు 25 అని రాయండి. గుడ్డుకి 25 అని రాసినా నేను చేయను.

పోల్ ఇదిగో, ఒకరికి ఒకటే ఓటు. ఆదివారంలోగా మనసు మారితే మార్చుకోవచ్చు.

🧅 ఉల్లిపాయలు: అసలైన రంగు వచ్చేదాకా
🔥 నూనెలో వేయించడం: నూనె పీల్చకుండా
🍳 కాస్ట్ ఐరన్ పెనం: తుప్పు నుంచి సీజనింగ్ దాకా
🥚 ఉడికించిన గుడ్డు: నిమిషం నిమిషానికీ
🥡 మిగిలినవి దాచుకోవడం: ఫ్రిజ్, ఫ్రీజర్, మళ్లీ వేడి