హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో సుక్రోజ్ విలోమం: 30 °C వద్ద రేటు స్థిరాంకం, ఉత్తేజన శక్తి

బీఎస్సీ చివరి సంవత్సరం, భౌతిక రసాయన శాస్త్రం ప్రాజెక్టు నివేదిక. ప్రయోగశాల: కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాల. కాలం: ఫిబ్రవరి.

సంగ్రహం

జల ద్రావణంలో ఆమ్లం ఉత్ప్రేరకంగా సుక్రోజ్ గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోయే చర్య వేగాన్ని పోలారిమీటర్‌తో కొలిచాం. కలిపిన తర్వాత ద్రావణంలో సుక్రోజ్ గాఢత 0.292 మోలార్ (100 మి.లీ.లో 10 గ్రాములు), హైడ్రోక్లోరిక్ ఆమ్లం గాఢత 0.50 మోలార్. గొట్టం పొడవు 2 డెసీమీటర్లు, కాంతి సోడియం దీపానిది, ఉష్ణోగ్రత 30.0 ± 0.2 °C. భ్రమణ కోణం 150 నిమిషాల్లో +13.3° నుంచి −0.10°కి దిగింది, చర్య పూర్తయ్యాక −3.50° వద్ద నిలిచింది. ln(α_t − α_∞)ను కాలంతో గీస్తే సరళరేఖ వచ్చింది కాబట్టి ఈ పరిస్థితుల్లో చర్య మిథ్యా ప్రథమ క్రమాంకానిది. మూడు ప్రయోగాల సగటు రేటు స్థిరాంకం k = (1.07 ± 0.03) × 10⁻² నిమి⁻¹, అంటే 1.78 × 10⁻⁴ సె⁻¹; అర్ధాయువు 65 నిమిషాలు. అదే ఆమ్ల గాఢతలో 40 °C వద్ద k = (4.2 ± 0.2) × 10⁻² నిమి⁻¹. ఈ రెండు విలువల నుంచి ఉత్తేజన శక్తి మోలుకు 108 ± 5 కిలోజౌళ్ళు. 30 °C వద్దే ఆమ్లాన్ని 0.25 మోలార్‌కు తగ్గిస్తే k 4.7 × 10⁻³ నిమి⁻¹కి పడిపోయింది. తగ్గుదల సగం కంటే కొంచెం ఎక్కువే, కాబట్టి k విలువను ఆమ్ల గాఢత చెప్పకుండా వాడరాదు. దోషంలో ఎక్కువ భాగం ఉష్ణోగ్రత నిలకడగా లేకపోవడం నుంచే వస్తోంది.

ఈ చర్యనే ఎందుకు తీసుకున్నాం

చర్యా వేగాల అధ్యయనం మొదలైందే చక్కెరతో. 1850లో లుడ్విగ్ విల్హెల్మీ ఆమ్లంలో చక్కెర విలోమాన్ని పోలారిమీటర్‌తో అనుసరించి, ఏ క్షణానికైనా వేగం మిగిలిన చక్కెరకు అనుపాతంలో ఉంటుందని సమీకరణంగా రాశాడు. ఉష్ణోగ్రతకూ రేటు స్థిరాంకానికీ ఉన్న సంబంధాన్ని అరేనియస్ 1889లో చర్చించిందీ ఇదే చర్య మీద. మాకు మరో కారణం కూడా ఉంది. తణుకు వైపు చెరకు పండించే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మా జట్టులో ఉన్నారు. బెల్లం వండేటప్పుడు రసంలో సున్నపు తేట ఎందుకు పోస్తారో అంకెల్లో తెలుసుకోవాలని మొదటి నుంచీ అనుకున్నాం.

```
C12H22O11 + H2O → C6H12O6 (గ్లూకోజ్) + C6H12O6 (ఫ్రక్టోజ్)
ln(α_t − α_∞) = ln(α_0 − α_∞) − k t
```

సుక్రోజ్ విశిష్ట భ్రమణం +66.5°, గ్లూకోజ్‌ది +52.7°. ఫ్రక్టోజ్ మాత్రం కాంతిని ఎడమకు తిప్పుతుంది, 20 °C వద్ద దాదాపు −92°. అందుకే చర్య సాగేకొద్దీ కోణం కుడి నుంచి ఎడమకు జరుగుతుంది. విలోమం అనే పేరు అలా వచ్చిందే. నీరు చర్యలో పాల్గొన్నా సుక్రోజ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది కాబట్టి దాని గాఢత మారనట్టే. ఆమ్లం ఉత్ప్రేరకం, ఖర్చు కాదు. ఈ రెండూ k లోపలే దాగి ఉన్నాయి.

చేసిన విధానం

100 మి.లీ.లో 20 గ్రాములు ఉండేలా సుక్రోజ్ ద్రావణం, సోడియం కార్బొనేట్‌తో ప్రామాణీకరించిన 1.00 మోలార్ ఆమ్లం తయారు చేసి, రెంటినీ విడివిడిగా నీటి తొట్టిలో అరగంట ఉంచాం. తర్వాత 25 మి.లీ. చక్కెర ద్రావణంలోకి 25 మి.లీ. ఆమ్లాన్ని పిపెట్‌తో వదిలాం. పిపెట్ సగం ఖాళీ అయిన క్షణాన్ని t = 0 గా తీసుకున్నాం. గొట్టాన్ని అదే మిశ్రమంతో రెండుసార్లు కడిగి, బుడగ లేకుండా నింపాం. చూపు దారిలో చిన్న బుడగ నిలిచినా రెండు సగాల వెలుగు సరిగా కలవదు.

α_∞ కోసం అదే మిశ్రమంలో కొంత భాగాన్ని మూత బిగించి 60 °C వద్ద అరగంట ఉంచి, తిరిగి 30 °Cకి చల్లార్చి చూశాం. అంతకంటే వేడి చేస్తే ద్రావణం పసుపు రంగుకు తిరుగుతుంది, అప్పుడు కోణం నమ్మదగినది కాదు. చల్లార్చే ఉష్ణోగ్రత కూడా ముఖ్యమే. ఫ్రక్టోజ్ భ్రమణం వేడితో బాగా తగ్గుతుంది కాబట్టి 20 °C దగ్గర తీసిన α_∞ను 30 °C లెక్కలో వేస్తే రేఖ చివర వంగిపోతుంది.

ఫిబ్రవరిలో మధ్యాహ్నం అయ్యేసరికి మా ప్రయోగశాల గది 30 °Cకి దగ్గరగా వస్తుంది. బయటి నీటి చుట్టు లేని మామూలు గొట్టం వాడినా 30 °C ప్రయోగాలు సజావుగా సాగాయంటే కారణం అదే. ఎండాకాలంలో ఇదే పని చేయాలంటే తొట్టిలో ఐసు వేయాల్సి వచ్చేది.

కొలతలు

0.50 మోలార్ ఆమ్లం, 30.0 °C, మొదటి ప్రయోగం. పోలారిమీటర్ కనీస కొలత 0.05°.

| కాలం (నిమిషాలు) | α_t (డిగ్రీలు) | α_t − α_∞ | ఆ బిందువు నుంచి k × 10² (నిమి⁻¹) |
|---|---|---|---|
| 10 | 11.60 | 15.10 | 1.07 |
| 20 | 10.05 | 13.55 | 1.08 |
| 40 | 7.45 | 10.95 | 1.07 |
| 60 | 5.30 | 8.80 | 1.08 |
| 90 | 2.95 | 6.45 | 1.06 |
| 120 | 1.15 | 4.65 | 1.07 |
| 150 | −0.10 | 3.40 | 1.07 |
| ∞ | −3.50 | | |

రేఖను t = 0 వరకు పొడిగిస్తే α_0 = 13.3° వస్తుంది. విశిష్ట భ్రమణం నుంచి నేరుగా కట్టినా (66.5 × 2 × 0.10) అదే 13.3°. ఇది మాకు చాలా ధైర్యం ఇచ్చింది: గాఢత, గొట్టం పొడవు, కాల ప్రారంభం మూడూ ఒకేసారి సరిచూసుకున్నట్టయింది. కోణం సున్నా దాటడం 147వ నిమిషం దగ్గర జరగాలని సమీకరణం చెబుతోంది. 150వ నిమిషానికి సూచిక సున్నాకు అవతలి వైపున కనిపించింది. సున్నా దాటింది కదా అని చర్య ముగిసినట్టు కాదు. అప్పటికి తొలి సుక్రోజ్‌లో అయిదో వంతు ఇంకా మిగిలే ఉంది.

మిగతా రెండు ప్రయోగాల్లో k 1.05 × 10⁻², 1.10 × 10⁻² నిమి⁻¹.

40 °C వద్ద

ఇక్కడ అర్ధాయువు పదహారున్నర నిమిషాలే. గొట్టాన్ని రెండు కొలతల మధ్య తొట్టిలోనే ఉంచి, పైకి తీసి తుడిచి అర నిమిషంలోపు చదివి మళ్ళీ ముంచాం. ఆ అర నిమిషంలో ద్రావణం చల్లబడుతుంది, ఎంత జాగ్రత్త పడినా తప్పదు. అందుకే 40 °C విలువకు 0.3 °C మేర అనిశ్చితి వేశాం. ఒక ప్రయోగం మధ్యలో కరెంటు పోయింది. సోడియం దీపం మళ్ళీ పూర్తి వెలుగుకు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఈ వేగంలో అంత ఖాళీ సరిచేయలేనిది. ఆ కొలతలను లెక్కలో చేర్చలేదు.

```
E = R ln(k2/k1) / (1/T1 − 1/T2)
  = 8.314 × ln(4.2/1.07) / (1/303.15 − 1/313.15)
  ≈ 1.08 × 10^5 J/mol
```

ఈ చర్యకు పుస్తకాల్లో ఉండే విలువ కూడా దీని చుట్టుపక్కలే. కానీ రెండే ఉష్ణోగ్రతలతో కట్టిన ఉత్తేజన శక్తి ఇది. ± 5 అన్నది ఆ రెండు k విలువల దోషం నుంచి వచ్చింది మాత్రమే.

దోషం ఎక్కడిది

ఇంత ఉత్తేజన శక్తి ఉన్న చర్యలో 30 °C దగ్గర ఒక్క డిగ్రీ తేడా వస్తే k దాదాపు 14 శాతం మారుతుంది. మా తొట్టి 0.2 డిగ్రీలు ఊగుతుంది, అంటే 3 శాతం. మూడు ప్రయోగాల మధ్య కనిపించిన తేడా కూడా సరిగ్గా అంతే. కోణం చదవడంలోని దోషం దీనిముందు చిన్నది, చివరి కొలతల్లో తప్ప. k నాలుగు అంకెల దాకా రాయడానికి కాల్‌క్యులేటర్ ఒప్పుకుంటుంది గానీ ఆ తొట్టి ఒప్పుకోదు. అందుకే సంగ్రహంలో మూడు అంకెలతో ఆపి, పక్కన ± 0.03 పెట్టాం.

ఆమ్లం విషయానికి వస్తే, k ని ఆమ్ల గాఢతతో భాగిస్తే 0.50 మోలార్‌లో 2.1 × 10⁻², 0.25 మోలార్‌లో 1.9 × 10⁻² (లీటరు మోల్⁻¹ నిమి⁻¹) వచ్చాయి. ఒకే సంఖ్య రావాల్సింది, రాలేదు. బలమైన ఆమ్ల ద్రావణంలో హైడ్రోజన్ అయాన్ల ప్రభావం వాటి గాఢత కంటే వేగంగా పెరుగుతుందన్నది తెలిసిన విషయమే, మా తేడా ఆ దిశలోనే ఉంది. రెండు గాఢతలతో ఇంతకంటే చెప్పడం న్యాయం కాదు.

చెరకు రసానికి అన్వయిస్తే

తాజా చెరకు రసం పీహెచ్ 5కు కాస్త అటూఇటూ ఉంటుంది. లెక్కకు 5 అనుకుందాం, అంటే హైడ్రోజన్ అయాన్లు 10⁻⁵ మోలార్. పైన వచ్చిన సుమారు 2 × 10⁻²ను దానితో గుణిస్తే 30 °C వద్ద k 2 × 10⁻⁷ నిమి⁻¹, అర్ధాయువు ఆరేళ్ళ పైమాటే. కాబట్టి కొట్టిన చెరకు కళ్ళంలో రెండు మూడు రోజులు నిలవుంటే చక్కెర శాతం పడిపోవడానికి రసంలోని ఆమ్లం ఒక్కటే కారణం కాదు. ఆ పని చేసేవి ఎంజైములు, సూక్ష్మజీవులు.

పెనం ఎక్కాక కథ మారుతుంది. ఉత్తేజన శక్తి 108గా తీసుకుంటే 30 నుంచి 100 °Cకి వేగం దాదాపు మూడు వేల రెట్లు పెరుగుతుంది: k సుమారు 6 × 10⁻⁴ నిమి⁻¹. రెండు గంటలు మరిగితే 7 శాతం సుక్రోజ్ విడిపోతుంది. విలోమ చక్కెర పెరిగిన పాకం గట్టిపడదు, అచ్చుల్లో జిగురుగా మిగులుతుంది. సున్నపు తేటతో పీహెచ్‌ను 5 నుంచి 6కు తెచ్చినా ఆ నష్టం పదో వంతుకు దిగుతుంది. మరీ ఎక్కువ పోస్తే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ క్షారంలో విచ్ఛిన్నమై బెల్లం నల్లబడుతుంది కాబట్టి అదీ మోతాదులోనే ఉండాలి.

రెండు ఉష్ణోగ్రతల నుంచి 60 డిగ్రీలు అవతలికి పొడిగించిన లెక్క ఇది. పైగా పీహెచ్‌ను చల్లటి రసానిదిగా తీసుకున్నాం. కాబట్టి 7 శాతం అన్నదాన్ని పరిమాణ అంచనాగానే చూడాలి. దాన్ని సంగ్రహంలో చేర్చకపోవడానికి కారణం కూడా ఇదే.