ట్రేడ్ లైసెన్స్ నోటీసుకు జవాబు, విచారణ తేదీ కోసం వినతి

కమిషనర్ గారికి,

హనుమకొండ చౌరస్తా దగ్గరి మా కిరాణా దుకాణానికి జూన్ 9న మీ నోటీసు అందింది సార్. లైసెన్స్ రెన్యువల్ కాలేదని, కిరాణా లైసెన్స్ మీద టిఫిన్ సెంటర్ నడుపుతున్నానని, జాగా 240 చదరపు అడుగులని రాశారు.

రెన్యువల్ ఫీజు మార్చి 18ననే మీసేవలో కట్టిన, రసీదు జత చేస్తున్న. టిఫిన్ సెంటర్ మాది కాదు, పక్క మడిగెది. రెండు మడిగెలు కిరాయికిచ్చిన ఓనర్ ఒక్కరే, మధ్యలో గోడ ఉంది, కరెంటు మీటర్లు వేరు, కిరాయి కాగితాలు వేరు, కానీ బయట రేకుల షెడ్డు ఒకటే కావడంతో తనిఖీకి వచ్చినాయన రెండూ ఒకటే అనుకున్నట్టున్నాడు. లోపలికొచ్చి టేపు పెడితే నాది 120 అడుగులే. ఆ రోజు నేను బీట్ బజార్‌కు సరుకుకు పోయిన, షాపులో ఉన్న పిల్లగాడిని ఏమీ అడగలేదట.

కాబట్టి జరిమానా వేసేముందు నా మాట వినడానికి ఒక తేదీ ఇవ్వండి, నాలుగు రోజుల ముందు చెప్తే ఓనర్‌ను కూడా తీసుకొస్తా. తనిఖీ రిపోర్టు, ఫొటోల కాపీ ఇప్పించండి. అప్పటిదాకా షటర్‌కు సీలు వేయొద్దని మనవి.

ఇట్లు,
కిరాణా దుకాణం యజమాని

జత: ఫీజు రసీదు, కిరాయి అగ్రిమెంటు, కరెంటు బిల్లు