అత్తయ్యా, ఈ నాలుగు మాటలు మీకోసం

పుట్టినరోజు శుభాకాంక్షలు అత్తయ్యా.

ఆధార్ కార్డులో ఉన్న జూన్ నెల తేదీ మిమ్మల్ని బళ్లో చేర్చుకున్న మాస్టారు వేసింది. మీ అమ్మగారు చెప్పింది మాత్రం కార్తీక పౌర్ణమికి ముందు రోజు అని. అందుకే మన ఇంట్లో మీ పుట్టినరోజు ఏటా ఒక తేదీన వస్తుంది, ఏటా ఎవరో ఒకరు క్యాలెండర్ తిరగేసి చెప్పాలి. కొన్నేళ్లుగా ఆ పని నాదే. ఈరోజుతో మీకు 64 నిండాయి.

ఇలాంటి రోజున చాలామంది "మా అత్తగారు నాకు అత్త కాదు, అమ్మ" అని రాస్తారు. నేనలా రాయను. నాకు కరీంనగర్‌లో అమ్మ ఉంది. మీకు విశాఖపట్నంలో కూతురుంది. మీరు నాకు అత్తయ్య, నేను మీకు కోడలిని. ఆ వరసలో ఉంటూనే మనం దగ్గరయ్యాం. దానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లను దాచిపెట్టి, మొదటి రోజు నుంచీ అంతా ప్రేమే అని రాస్తే మీరు పడ్డ శ్రమను తక్కువ చేసినట్టవుతుంది.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, 2015లో మా పెళ్లి. రెండు వైపులా చుట్టాల నోళ్లు ఊరుకోని రోజులవి. "మనవైపు పిల్లలే దొరకలేదా" అని మీ దగ్గర అన్నవాళ్లున్నారు, "అంత దూరం ఇస్తున్నారేంటి" అని మా అమ్మను అడిగినవాళ్లూ ఉన్నారు. మీరు పెళ్లికి ఒప్పుకున్నారు గానీ, అది కొడుకు మీద ప్రేమతో ఒప్పుకోవడం. నన్ను చూసి కాదు. అప్పటికి నేనెవరో మీకు తెలియదు, తెలియని మనిషిని ఇష్టపడాలని ఎవరం మాత్రం ఎలా అడుగుతాం?

అంబాజీపేట దగ్గర మీ ఊరికి మొదటిసారి వచ్చినప్పుడు ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు, పెరటి వెనక కాలువ చూసి ఎంతో సంబరపడ్డాను. మీరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే కష్టంగా ఉండేది. "భోంచేశావా అమ్మా", "పడుకో అమ్మా", అంతే. ఎదుటివాళ్లకి కోపముంటే కారణం అడిగి సర్దిచెప్పుకోవచ్చు, మర్యాదకి ఏం సమాధానం చెబుతాం? రాత్రిపూట ఆయనతో "అత్తయ్యకి నేను నచ్చలేదు" అని ఏడ్చిన రోజులున్నాయి. మీరూ మావయ్యతో "ఈ పిల్ల నాతో మాట్లాడదేంటండీ" అని బాధపడ్డారని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ జూలైలో గోదావరి పుష్కరాలొచ్చాయి. కోటిపల్లి రేవుకి వెళ్లాం. మెట్ల మీద జనం తోసుకుంటుంటే మీరు నా మణికట్టు పట్టుకున్నారు. నీళ్లలో దిగాక నేను, "చిన్నప్పుడు మేం ధర్మపురిలో మునిగేవాళ్లం అత్తయ్యా, ఇదే గోదావరి" అన్నాను. మీరు ఆగి నావైపు చూశారు. అక్కడ నది ఎంత వెడల్పుంటుంది, ఎండాకాలం నీళ్లుంటాయా, గుడి ఒడ్డునే ఉంటుందా అని ఒకటొకటిగా అడిగారు. తిరిగొచ్చేటప్పుడు కారులో కూడా అడుగుతూనే ఉన్నారు. మా ఊళ్ల గురించి మీరు నన్ను అడగడం అదే మొదలు.

ఆ రోజుతో అంతా మారిపోయిందని చెప్పను. తిండి దగ్గర మనకి చాలాకాలం పడలేదు. మీ పులుసుల్లో బెల్లం నాకు ఎక్కేది కాదు, నా కారం మీకు కళ్లనీళ్లు తెప్పించేది. మీరు పనస పొట్టు కూరలో ఆవ పెట్టి ఎంతో ఇష్టంగా వడ్డిస్తే, నా మనసు పచ్చిపులుసు మీదుండేది. అడగడానికి మొహమాటం. అదీ కాక, మీ వంటగదిలో ఏ డబ్బా ఎక్కడుంటుందో తెలిసినా, తీయడానికి చెయ్యి రాని రోజులవి.

నాకు కడుపుతో ఏడో నెల వచ్చినప్పుడు ఏదీ సహించేది కాదు. ఆ వారం మీరు హైదరాబాద్ వచ్చారు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికొస్తే తలుపు దగ్గరే వాసన తెలిసిపోయింది. సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు అన్నీ సరిగ్గా పడ్డాయి. గిన్నె అడుగుకి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వదిలి, మూతపెట్టి సన్నమంట మీద కాల్చారు. మా అమ్మకి ఫోన్ చేసి అన్నీ అడిగి కాగితం మీద రాసుకున్నారట. మొదటిది మాడిందని అది మీరు తినేసి, రెండోది నాకిచ్చారు. "ఎలా ఉంది" అని అడగలేదు, ఎదురుగా కూర్చుని నేను తినడం చూశారు. మొత్తం తిన్నాను అత్తయ్యా. అమ్మ చేసినట్టు లేదు. కానీ నాకోసం తెలియని వంట నేర్చుకున్న మనిషి చేసినట్టు ఉంది, ఆ రుచి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

2018లో పాప పుట్టింది. ఆ నెలల్లో మనం గట్టిగానే వాదించుకున్నాం. నూనె పెట్టి కాళ్ల మీద పడుకోబెట్టి స్నానం పోయించడం మీకు కావాలి, సాంబ్రాణి పొగ వద్దని డాక్టర్ చెప్పారని నేను. కొన్నిట్లో మీరు తగ్గారు, కొన్నిట్లో నేను తగ్గాను. ఒకట్రెండు రోజులు ముఖాలు చూసుకోలేదు కూడా. అయినా రాత్రి రెండింటికి పాప ఏడిస్తే ముందు లేచేది మీరే.

ఆ తర్వాత జరిగింది మాత్రం పూర్తిగా రాయాలి. ఇరవై ఆరు వారాల సెలవు అయిపోయి నేను ఉద్యోగానికి వెళ్లే ముందు రోజు బంధువులావిడ ఒకరు ఇంటికొచ్చి, చంటిపిల్లని వదిలేసి ఉద్యోగమేంటని మొదలుపెట్టారు. నాకు గొంతు పెగల్లేదు. మీరు వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "దాని ఉద్యోగం దానిది. పిల్లని చూడ్డానికి నేనున్నాను కదా, నేనుండగా వదిలేయడం ఎలా అవుతుంది?" అన్నారు. గొంతు పెంచలేదు. ఆవిడ కాఫీ తాగి వెళ్లిపోయారు. మరునాడు పొద్దున నా బ్యాగులో లంచ్ బాక్సు మీరే పెట్టారు. నేను బస్సెక్కాక ఏడ్చాను, మీకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ మాట మీ నోట ఎందుకు అంత గట్టిగా వచ్చిందో నాకు 2020లో తెలిసింది. పాపని చూసి నాలుగు రోజుల్లో వెళ్దామని మీరు వచ్చారు, మార్చిలో లాక్‌డౌన్ పడింది, మీరిక్కడ, మావయ్య అక్కడ. రోజూ సాయంత్రం మావయ్యతో ఫోన్ అయ్యాక బాల్కనీలో కూర్చునేవాళ్లం. చెయ్యడానికి ఏమీ లేని ఆ రోజుల్లో మీ కథ మీరు చెప్పారు. టీటీసీ చేసి టీచరమ్మ అవ్వాలనుకున్నారని, అప్లికేషన్ కూడా తెచ్చుకున్నారని, అంతలో పెళ్లి కుదిరిందని. ఆ కాగితం ఏమైందని నేనడిగితే "ఏమో, మా అమ్మ బియ్యం డబ్బాలో పెట్టింది" అని వేరే మాట ఎత్తుకున్నారు.

1996 తుపాను గురించి చెప్పింది కూడా అప్పుడే. నవంబర్ 6, దీపావళి ముందర. రాత్రంతా గాలి, ఇద్దరు పిల్లల్నీ మంచం కిందకి తోసి మీరు తలుపుకి ఆనుకుని నిలబడ్డారు. తెల్లారి చూస్తే తోటలో చెట్లు వరసగా పడుకుని ఉన్నాయి, కాలువ అవతలి ఊరు మీ పెరట్లోంచి కనిపించింది. కోనసీమలో కొబ్బరే కదా ఇల్లు నడిపేది. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. మీరు చేతి గాజులు తీసి మావయ్యకిచ్చి మొక్కలు కొనమన్నారు, కుట్టుమిషన్ వేసుకుని ఊళ్లో జాకెట్లన్నీ కుట్టి పిల్లల ఫీజులు కట్టారు. ఇదంతా మీ అబ్బాయికి కూడా సగమే తెలుసు. గాజుల సంగతి నేను చెబితే ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అప్పటి నుంచి నాకు మీ మౌనం వేరేగా అర్థమవుతోంది. మీకు ప్రేమ మాటల్లో రాదు, పనిలో వస్తుంది. మా ఇంట్లో అన్నీ పైకి అనేసుకుంటాం, నవ్వినా తిట్టినా. అలా పెరిగినదాన్ని, మీ పనిలో ఉన్నది చదవడానికి నాకు అంత సమయం పట్టింది.

ఇప్పటికీ మనకి పడనివి ఉన్నాయి. నేను కడిగిన గిన్నె మీరు మళ్లీ ఒకసారి తొలుస్తారు. శుక్రవారం తలంటు గురించి, పాపకి ఫోన్ ఇవ్వడం గురించి మన లెక్కలు వేరు. కాకపోతే ఇప్పుడు మీకు నచ్చనిది నా ముఖం మీదే చెబుతున్నారు. "భోంచేశావా అమ్మా" నుంచి "ఏవే, ఆ కూరలో ఉప్పెవరేస్తారు" దాకా వచ్చాం. ఆ "ఏవే" కోసం నేనెంత ఎదురుచూశానో మీకు తెలియదు.

ఇక ఈ మాటలతో పాటు పెడుతున్న మీ ఫొటో సంగతి. ఇది ఈ ఏడాది సద్దుల బతుకమ్మ రోజుది. పొద్దున్నే మీరు ఒక్కరే వెళ్లి రైతు బజార్‌లో తంగేడు, గునుగు బేరమాడి తెచ్చారు. గునుగు కట్టలకి రంగులద్దితే సాయంత్రానికి కూడా మీ వేళ్లు గులాబీ రంగులోనే ఉన్నాయి. మొదటి వరస తంగేడే ఉండాలని పాపకి మీరు చెబుతుంటే మా అమ్మ నావైపు చూసి నవ్వింది. పాటలు రావని పక్కకి జరగలేదు, వలయంలో అమ్మ పక్కనే నిలబడి చప్పట్లు కొడుతూ తిరిగారు. మోకాళ్ల నొప్పులతో అన్ని చుట్లు వద్దంటే విన్నారా?

మీరు నన్ను మీలా మార్చాలని చూడలేదు. నేను తెచ్చుకున్న పండగని, తిండిని, మాటని ఇంట్లో ఉండనిచ్చారు, మీరూ వాటిలోకి వచ్చారు. నేనిప్పుడు సంక్రాంతికి కనుమ రోజున జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడకపోతే పండగ వెళ్లినట్టుండదు. పొట్టిక్కలకి పనసాకు బుట్టలు అల్లడం పాపకంటే ముందు నాకే నేర్పారు.

నిండు నూరేళ్లు ఆరోగ్యంగా ఉండండి అత్తయ్యా. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ముందు అందరం ధర్మపురి వెళ్దాం, మీరు అప్పుడడిగిన నది వెడల్పు మీ కళ్లతో చూద్దురుగాని. తర్వాత అమ్మని కూడా తీసుకుని కోటిపల్లి వెళ్దాం. టికెట్లు, బస అంతా నేను చూసుకుంటాను. అప్పటిదాకా ఫిజియోథెరపీ మానేయకండి, బాగానే ఉందిలే అని సోమవారం మళ్లీ ఎగ్గొట్టారని మావయ్య చెప్పేశారు.