విషయం: డిసెంబర్ 1 జాయినింగ్ – బుధవారం సాయంత్రంలోగా మీ జవాబు కావాలి

సాయికిరణ్ గారూ, నమస్తే.

జడ్చర్ల యూనిట్ హెచ్‌ఆర్ నుంచి శ్రీలతను రాస్తున్నాను. క్వాలిటీ కంట్రోల్‌లో సీనియర్ అనలిస్ట్‌గా మీరు డిసెంబర్ 1, సోమవారం చేరాల్సి ఉంది. మీ రాజీనామాను పాత కంపెనీ ఆమోదించిన మెయిల్ కాపీని నవంబర్ 11న మీరు పంపారు. మా దగ్గరున్న మీ చివరి మెయిల్ అదే. 17న మెడికల్ టెస్టుల గురించి రాస్తే జవాబు రాలేదు. గత వారం ఫోన్ చేసినప్పుడల్లా రింగ్ అవుతోంది కానీ మీరు ఎత్తడం లేదు. ముందుగా అడగాల్సింది ఒకటే: మీరు, ఇంట్లోవాళ్లు క్షేమమేనా? మీ నాన్నగారికి ఒంట్లో బాగోవడం లేదని ఇంటర్వ్యూ రోజున చెప్పారు. అదే కారణమైతే తీరిగ్గా రాయక్కర్లేదు, ఒక్క మెసేజ్ పెట్టండి చాలు. మిగతాది మేం చూసుకుంటాం.

మీరు వస్తారన్న నమ్మకంతో ఇక్కడ పనులు నడుస్తున్నాయి. ల్యాబ్‌లో మీ లాకర్ మీద పేరు అంటించారు, ఏప్రాన్ సైజు చెప్పమని స్టోర్స్ వాళ్లు అడుగుతున్నారు. కొత్త అనలిస్ట్ ఎస్‌ఓపీ ట్రైనింగ్, క్వాలిఫికేషన్ పూర్తయ్యాకే శాంపిల్ ముట్టుకోవాలన్నది మీకు తెలిసిందే. మీ ట్రైనింగ్ డిసెంబర్ 2న మొదలయ్యేలా మా క్యూసీ హెడ్ ఇద్దరు సీనియర్ల షిఫ్టులు మార్చారు. ఇంటర్వ్యూలో మీరు చెప్పిన హెచ్‌పీఎల్‌సీ సంగతి ఆయన ఇప్పటికీ తలుచుకుంటారు. బ్లాంక్‌లో కూడా అదే పీక్ వచ్చిందని గమనించి, లోపం శాంపిల్‌లో కాదు, మొబైల్ ఫేజ్‌లో ఉందని మీరు పట్టుకున్నారే, అది. మీరే రావాలని ఆయన కోరిక, నాది కూడా.

అయినా మనసు మారి ఉండొచ్చు. నోటీసు పీరియడ్ చివర్లో పాత కంపెనీ జీతం పెంచి ఆపడం ఈ రంగంలో మామూలే. పరవాడ నుంచి జడ్చర్లకు ఇల్లు మారడమూ చిన్న విషయం కాదు. మీకు ఏది అడ్డొస్తోందో చెబితే, మా చేతిలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. గడువు కావాలంటే జాయినింగ్‌ను డిసెంబర్ 15 వరకు జరపగలం, మేనేజర్‌తో మాట్లాడాను. రిలీవింగ్ లెటర్ ఆలస్యమవుతుందన్న టెన్షన్ అయితే అక్కర్లేదు. ఆమోదించిన మెయిల్‌తోనే చేర్చుకుంటాం, లెటర్ నెలలోగా ఇవ్వండి. మొదటి 15 రోజులు కంపెనీ గెస్ట్ హౌస్‌లో ఉండి, ఈలోగా ఇల్లు వెతుక్కోవచ్చు. జీతం మాత్రం ఆఫర్ లెటర్‌లో రాసిందే, అందులో మార్పు ఉండదు. ఆశపెట్టి తర్వాత కాదనడం నాకు ఇష్టం లేదు.

రావడం కుదరకపోతే "రాలేను" అని ఒక్క మాట రాయండి. కారణం చెప్పాలని లేదు, ఎవరూ మిమ్మల్ని నిలదీయరు. ముందు ముందు ఇక్కడ ఖాళీ పడి మీరు మళ్లీ అప్లై చేస్తే, ఈ కారణంతో మిమ్మల్ని పక్కన పెట్టం. ఇంతగా అడగడానికి కారణం ఉంది. ఈ పోస్టుకు మీ తర్వాత ఎంపికైన అమ్మాయి ఇంకా మా ఫోన్ కోసం ఎదురుచూస్తోంది. వేరే చోట వచ్చిన ఆఫర్‌కు ఆమె గురువారంలోగా అవుననో కాదనో చెప్పాలి. మీరు రాలేనని ముందే చెబితే ఆమెకు ఈ ఉద్యోగం దక్కుతుంది. సోమవారం ఉదయం దాకా తెలియకపోతే ఆమెకూ ఉండదు, మాకూ మనిషి ఉండరు.

అందుకే నవంబర్ 26, బుధవారం సాయంత్రం 5 గంటల్లోగా ఈ మెయిల్‌కే జవాబు ఇవ్వండి. ఫోన్ చేసినా సరే, నా నంబర్ ఆఫర్ లెటర్ చివర ఉంది. అప్పటికీ ఏ కబురూ రాకపోతే, గురువారం ఉదయం ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నట్టు మెయిల్ పంపి, ఆమెకు ఫోన్ చేస్తాం.

వస్తున్నట్టయితే జవాబులోనే మీ ఏప్రాన్ సైజు, గెస్ట్ హౌస్ కావాలో వద్దో రాయండి. శుక్రవారం మెడికల్ టెస్టులకు ఇక్కడికి రావడం మీకు కుదరదు, 28 మీకు అక్కడ చివరి రోజు కదా. సోమవారం ఉదయమే పరగడుపున వస్తే ముందు రక్తపరీక్ష చేయించి, ఆ తర్వాత టిఫిన్ పెట్టిస్తాం. ఆధార్, పాన్, డిగ్రీ సర్టిఫికెట్ల ఒరిజినల్స్, చివరి మూడు నెలల పే స్లిప్పులు తెచ్చుకోండి. పీఎఫ్ కోసం యూఏఎన్ నంబర్ కూడా కావాలి. అందులో ఎగ్జిట్ డేట్ వేయమని పాత కంపెనీవాళ్లకు అక్కడి నుంచి బయల్దేరేలోపే చెప్పండి, లేకపోతే తర్వాత ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
శ్రీలత
హెచ్‌ఆర్ విభాగం, జడ్చర్ల యూనిట్
నవంబర్ 24, 2025