వజ్రకరూరు పక్కనే, మా వంటింట్లో దొరికిన నల్ల వజ్రం

ఫోటో చూసి ఎవరూ టెన్షన్ పడకండి. ఇల్లు బాగుంది, స్టవ్ బాగుంది, కుక్కర్ కూడా క్షేమం. స్టీలు పళ్లెంలో నల్లగా, గుండ్రంగా, అంచుల దగ్గర నిగనిగలాడుతూ కూర్చున్న ఆ వస్తువు పేరు రాగి బుడ్డల కేకు, చేసింది మా తమ్ముడు, ఇంతమందిమి ఒకేసారి ఇంతగా నవ్వి చాలా కాలమైంది కాబట్టి దీనికి ఫోటో తీయాల్సిందేనని పట్టుబట్టింది మా అవ్వ.

మా ఉరవకొండ వైపు తొలకరి పడితే రెండు పనులు మొదలవుతాయి. ఒకటి బుడ్డలు, అదే వేరుశనగ, విత్తడం, రెండోది వజ్రాలు వెతకడం. ఇటు పక్కనే వజ్రకరూరు, పైకి పోతే కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి. నాలుగు చినుకులు పడి పైమట్టి కొట్టుకుపోగానే ఎక్కడెక్కడి జనమో సద్దిమూటలు కట్టుకుని వచ్చి పొలాల్లో తల వంచుకుని తిరుగుతారు, మెరిసే రాయి కనబడితే చాలు, కొంగులో కట్టుకుంటారు. ఈ ఏడు మేం ఎక్కడికీ పోలేదు. మాది పొయ్యి మీదే పండింది. వజ్రమూ కార్బనే, ఈ కేకు అడుగు భాగమూ ఇప్పుడు దాదాపు కార్బనే, కాబట్టి చుట్టరికం ఉందని మా తమ్ముడు వాదిస్తున్నాడు, వాడు చదివేది ఇంజనీరింగ్ కాబట్టి నాయన కూడా ఎదురు చెప్పలేకపోయాడు.

అసలు సంగతికొస్తే, విత్తనం కోసం నాయన బుడ్డలు ఒలిపిస్తే, విత్తడానికి పనికిరాని సన్న గింజలు, ముడతలు పడినవి ఒక చేట నిండా మిగిలాయి. ప్రతిసారీ వాటిని వేయించి పచ్చడికో పొడికో వాడతాం. హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన మా వాడికి ఆ చేట చూడగానే ఐడియా వచ్చింది: మైదా లేకుండా, చక్కెర లేకుండా, ఓవెన్ లేకుండా, అచ్చం మన సీమ దినుసులతో కేకు. రాగిపిండి, బుడ్డల పొడి, బెల్లం, పెరుగు, చిటికెడు వంటసోడా. రాగిలో గోధుమలో ఉండే జిగురు ఉండదు, ఒట్టి రాగిపిండితో చేస్తే పొడిపొడిగా రాలిపోతుందని కొంచెం గోధుమపిండి కలిపాడు, అది మాత్రం మంచి ఆలోచన, ఎందుకు మంచిదో కింద చెప్తాను.

కుక్కర్ అడుగున రెండు గుప్పిళ్ల ఉప్పు పరిచాడు. మూత రబ్బరు తీసేశాడు, విజిల్ తీసేశాడు. నీళ్లు లేకుండా కుక్కర్‌ను పొయ్యి మీద పెట్టేటప్పుడు ఆ రెండూ తీయాల్సిందే, ఎవరైనా చేయాలనుకుంటే ఇది గుర్తు పెట్టుకోండి, మంట కూడా సన్నగానే ఉండాలి. పది నిమిషాలు వేడెక్కాక పిండి పోసిన గిన్నె లోపల దించాడు. అవ్వ వసారాలో కూర్చుని చేట చెరుగుతోంది, అమ్మ ఎదురింట్లో ఉంది, ఇల్లంతా బెల్లం, బుడ్డలు, ఏలక్కాయ కలిసిన వాసన. నిజంగా చెప్తున్నాను, ఆ అరగంట మా వంటిల్లు పండగ రోజులా ఉండింది.

తర్వాత వాసన మెల్లగా మారింది. మామూలు కేకు అయితే పైన ఎర్రబడుతుంది, దాన్ని చూసి దించేస్తారు. రాగి కేకు మొదటి నిమిషం నుంచే ముదురు రంగు! పచ్చిగా ఉన్నా అదే రంగు, ఉడికినా అదే రంగు, మాడినా దాదాపు అదే రంగు. మూత తీసి చూసిన ప్రతిసారీ పైన అంతా చక్కగా కనబడింది. పని జరుగుతున్నది కింద. సరిగ్గా కరగని బెల్లం ముక్కలు పిండిలోంచి జారి గిన్నె అడుగుకు చేరుకున్నాయి, ఆ గిన్నె స్టాండు లేకుండా నేరుగా కాలే ఉప్పు మీద కూర్చుంది. మామూలు చక్కెర రంగు మారడానికి దాదాపు 160 డిగ్రీల వేడి కావాలి, బెల్లంలో మాత్రం తేనెలో, పండ్లలో ఉండే రకం తీపి కూడా కొంత ఉంటుంది, అది 110 డిగ్రీల దగ్గరే మొదలెడుతుంది. మొదట పాకం, తర్వాత ఎరుపు, తర్వాత చేదు, ఆ తర్వాత బొగ్గు. మా కేకు ఈ నాలుగు మెట్లూ ఒక్కదాన్నీ వదలకుండా దిగింది.

వసారాలోంచి అవ్వ ఒక్క కేక పెట్టింది, “ఒరే, పొయ్యి మీద ఏందో మాడతాండాది, సూడుపో!” వంటింట్లో ఉన్నవాళ్లకంటే ముందు వసారాలో ఉన్న ముక్కుకు తెలిసింది. డెబ్బై దాటిన ఆ ముక్కు ముందు ఏ టైమరూ పనికిరాదు.

గిన్నె బోర్లించాం. రాలేదు. వెనకాల తట్టాం. రాలేదు. చాకు అంచుల చుట్టూ తిప్పితే గరగరమని శబ్దం. ఆఖరికి నాయన వచ్చి, బుడ్డల మూట విప్పినంత ఓపికగా గిన్నెను నాలుగు పక్కలా నొక్కి, పళ్లెంలో ఒక్క దెబ్బ కొట్టాడు. ఠంగుమని పడింది! కేకు పడితే వచ్చే శబ్దం కాదది. ఒక్క క్షణం అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం, ముందు అవ్వ నవ్వింది, ఇక ఎవరూ ఆగలేదు, ఎదురింటి నుంచి అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి ఏమైందో తెలియకుండానే మాతో పాటు నవ్వడం మొదలుపెట్టింది.

రెండో ఫోటోలో అడుగు భాగం దగ్గరగా తీశాను, చూడండి. కరిగిన బెల్లం గాజులా గట్టిపడి, కిటికీ వెలుతురు పడినచోట నల్లగా తళతళలాడుతోంది, మధ్యలో సగం బుడ్డ గింజ ఒకటి పొదిగినట్టు ఇరుక్కుని ఉంది. ఉంగరంలో పెట్టించుకోవాలన్నంత అందంగా ఉంది. అది చూశాకే వజ్రం మాట వచ్చింది.

మరి వజ్రం ఎందుకు కాలేదు అని అవ్వ నిజంగానే అడిగింది. మా తమ్ముడు నేల మీద చాక్‌పీసుతో బొమ్మ గీసి మరీ చెప్పాడు. భూమి లోపల 150 కిలోమీటర్లకు పైగా లోతులో, 1000 డిగ్రీలు దాటిన వేడిలో, మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి సుమారు 50 వేల రెట్ల ఒత్తిడి మీద పడితే కార్బన్ వజ్రమవుతుంది. కింబర్లైట్ అనే రాయి ఎప్పుడో కోట్ల ఏళ్ల కింద దాన్ని పైకి మోసుకొచ్చింది, వజ్రకరూరు దగ్గర ఉన్నవి ఆ రాతి గొట్టాలే. మామూలుగా విజిల్ పెట్టి వండినా కుక్కర్‌లో ఒత్తిడి బయటి గాలికి రెట్టింపు దాకానే వస్తుంది, మేం ఆ విజిల్ కూడా తీసేశాం. అంతా విని అవ్వ అన్నమాట, “అట్లయితే ఈసారి విజిల్ పెట్టి సూడు.” వద్దు అవ్వా, నీళ్లు లేని కుక్కర్‌కు విజిల్ పెడితే వజ్రం రాదు, ఫైర్ ఇంజన్ వస్తుంది!

వజ్రం దొరికితే వ్యాపారులు ఊళ్లోకే వచ్చి బేరమాడతారు కదా, మా ఇంట్లోనూ వేలం పాట మొదలైంది. నాయన ఒక చేట బుడ్డలతో పాట ఎత్తుకున్నాడు. ఎదురింటి అత్త చెంబెడు మజ్జిగ అంది. గుంతకల్లు నుంచి మామ ఫోన్లో చూసి కిలో మైసూర్ పాక్‌కు పెంచాడు, కాకపోతే రాయి స్వచ్ఛమైనదని సర్టిఫికెట్ కావాలట. ఎదురింటి అత్త రాయిని చేతిలోకి తీసుకుని బరువు చూసి, వాసన చూసి, ‘అసలుదే’ అని మాటిచ్చింది.

ఇక గోధుమపిండి సంగతి. మాడిన అడుగు, అంచులు రంపపు చాకుతో కోసి పక్కన పెడితే లోపల అరచేయంత ముద్ద మెత్తగా, ముదురు గోధుమ రంగులో, ఆవిరి కక్కుతూ బయటపడింది. గోధుమపిండి పట్టి ఉంచింది కాబట్టి పొడైపోలేదు. రుచి చెప్పాలంటే, చేదు అస్సలు అంటలేదు, బెల్లం తీపి తర్వాత బుడ్డల కమ్మదనం నాలుక మీద నిలిచింది, కొంచెం పొగ వాసన ఉంది, నాకైతే అదే బాగా నచ్చింది. అవ్వ దాన్ని పళ్లెంలో చిదిమి, రెండు గరిటెల నెయ్యి వేడి చేసి పోసి, ఉండలు చుట్టింది. మూడో ఫోటో ఆ ఉండలదే, తీసేలోపు రెండు మాయమయ్యాయి, తిన్నది ఎవరో మీసాలకు అంటిన పొడి చెప్తుంది, మా నాయన పేరు నేను చెప్పను. చేట నిండా పనికిరావనుకున్న గింజలు ఇంత బాగా తిన్నది ఇదే మొదటిసారి, మా తమ్ముడు చేసినందుకే తిన్నాం, వాడి నెత్తిన చేయి పెట్టి అవ్వ “బాగ చేసినావు నాయనా” అన్నది మాట వరసకు కాదు.

గిన్నె సంగతి అడిగేవాళ్లకు: నీళ్లు, కాస్త ఉప్పు వేసి మరిగిస్తే సగం పెచ్చులు లేచాయి, మిగతాది రాత్రంతా నానుతుంది. కుక్కర్‌లోని ఉప్పు పారేయలేదు, సీసాలో పోసి పెట్టాం, కూరలకు కాదు, వచ్చే కేకుకు. ఈసారి కింద స్టాండు ఉంటుంది, బెల్లం ముందే కరిగించి వడగట్టి పోస్తాడు, రంగు చూసే పని లేదు, కాపలాకు అవ్వ ముక్కు ఉంటుంది. కొర్రపిండితో చేస్తాడట.

పాట ఇంకా నడుస్తోంది. ప్రస్తుతానికి మామ మైసూర్ పాకే పైన ఉంది. కిలో దాటి ఎవరైనా పాడతారా? స్వీట్లు, కారాలు రెండూ తీసుకుంటాం, డబ్బులు వద్దు. ఒకటోసారి… రెండోసారి…

#రాగిబుడ్డలకేకు #ఉరవకొండవజ్రం #అవ్వముక్కేటైమర్