చలికాలంలో సూర్యుడు దగ్గర! (7వ తరగతి యానిమేషన్ పాఠం, స్టోరీబోర్డు, రెండో డ్రాఫ్టు)

నిడివి: 3 నిమిషాల 40 సెకన్లు. ఫ్రేమ్ 1920 × 1080.
పాత్రలు: సింధు (12 ఏళ్లు), అమ్మమ్మ. ఊరు విజయవాడ పక్కన. పెరడు, ముందు గది, వీధి అరుగు తప్ప వేరే ఇల్లు గీయక్కర్లేదు.

బొమ్మలు గీసేవాళ్లకి ముందుగా ఒక మాట. చలికాలం, ఎండాకాలం ఎందుకు వస్తాయో చెప్పే పాఠం ఇది. భూమి అక్షం వంపు ఏడాదంతా ఒకే వైపు ఉంటుంది, ఊగదు అన్నదే ఇందులో అసలు సంగతి. మొదటి డ్రాఫ్టు బొమ్మల్ని ఒక బడిలో చూపించాం. పిల్లలు అంతా విని, చివర్లో "భూమి ఎండాకాలంలో ఇటు ఊగుతుంది, చలికాలంలో అటు ఊగుతుంది" అని చెప్పారు. తప్పు వాళ్లది కాదు. జూన్ బొమ్మ ఒకటి, డిసెంబర్ బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి మధ్యలో కట్ చేశాం. చూసేవాళ్లకి భూమి తల ఊపినట్టే ఉంటుంది మరి. అందుకని ఈసారి 5, 6 షాట్లలో కట్ లేదు. పాఠం మొత్తానికి ఆ రెండే ప్రాణం. టైమ్ సరిపోకపోతే మిగతా వాటిలో కోయండి.

షాట్ 1 (0:00–0:16) భోగి

తెల్లవారుజాము, వీధి మధ్యలో భోగి మంట. సింధు దుప్పటి ముసుగేసుకుని చేతులు చాపి చలి కాచుకుంటోంది. నోట్లోంచి ఆవిరి. కెమెరా మంట మీద నుంచి మెల్లగా పైకి, ఇంకా చీకటిగా ఉన్న ఆకాశంలోకి.
శబ్దం: కర్రల చిటపట, దూరంగా హరిదాసు చిడతలు. సంగీతం వద్దు.
సింధు: అమ్మమ్మా, సూర్యుడు ఎటో దూరం పోయినట్టున్నాడే. అందుకే ఇంత చలి.
అమ్మమ్మ: దూరమా? ఇప్పుడే మనకి దగ్గరగా ఉన్నాడు.

(గమనిక: "ఉత్తరాయణం మొదలైంది" అనే మాట ఇక్కడ పెట్టమని ఎవరైనా అడుగుతారు. పెట్టొద్దు. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 ప్రాంతంలో. పండగ తేదీ అక్కణ్ణుంచి జరుగుతూ వచ్చింది. అదంతా వేరే పాఠం.)

షాట్ 2 (0:16–0:30) రోహిణి కార్తె

అదే వీధి, అదే కోణం. మంట ఉన్నచోట ఇప్పుడు తెల్లటి ఎండ. రోలు ఒకటి అరుగు పక్కన, దాని నీడ దాదాపు కిందే అణిగిపోయి ఉంది. సింధు చెప్పుల్లేకుండా ఒక అడుగు వేసి, కాలు చురుక్కుమని వెనక్కి లాక్కుంటుంది.
అమ్మమ్మ (లోపల్నుంచి): రోహిణి కార్తె ఎండకి రోళ్లే పగులుతాయంటారు, నీ కాళ్లెంత! ఇంకో నెల ఆగితే సూర్యుడు మనకి ఏడాది మొత్తంలో ఎప్పటికన్నా దూరం.
సింధు మొహం క్లోజప్. ఒక కన్ను మూసుకుని ఆలోచన.

షాట్ 3 (0:30–0:52) పైనుంచి కక్ష్య

ఫ్రేమ్ నిండా చీకటి. మధ్యలో సూర్యుడు, చుట్టూ కక్ష్య గీత. భూమి అపసవ్యంగా తిరుగుతుంది. కుడివైపు డిసెంబర్, పైన మార్చి, ఎడమవైపు జూన్, కింద సెప్టెంబర్. 6వ షాట్‌లోనూ ఇదే లెక్క, మార్చకండి.

కక్ష్యని కోడిగుడ్డులా గీయొద్దు. పాత చార్టుల్లో ఆ బొమ్మ చూసే పిల్లలు దూరం వల్లే కాలాలని నమ్ముతారు. నిజం కొలత ఇదీ: కక్ష్య 1000 పిక్సెళ్ల వెడల్పుంటే ఎత్తులో ఒక పిక్సెల్ కూడా తగ్గదు. గుండ్రమే గీసి, సూర్యుణ్ణి మాత్రం నడిమధ్య నుంచి 8 పిక్సెళ్లు కుడికి జరపండి. భూమి లేయర్ పొజిషన్‌కి ఇది చాలు, 12 సెకన్లకి ఒక ఏడాది:

```
a = time * 30 * Math.PI / 180;
[960 + 500*Math.cos(a), 540 - 500*Math.sin(a)]
```

భూమిని తిరిగే నల్‌కి పేరెంట్ చేయొద్దు. చేస్తే నల్‌తో పాటు అక్షం కూడా గిర్రున తిరుగుతుంది, పాఠం అక్కడే పోతుంది.

తెర మీద అంకెలు: జనవరి మొదట్లో 14.7 కోట్ల కిలోమీటర్లు, జులై మొదట్లో 15.2 కోట్ల కిలోమీటర్లు.
సింధు: యాభై లక్షల కిలోమీటర్ల తేడానా!
అమ్మమ్మ: పదిహేను కోట్లలో యాభై లక్షలు. నూటికి మూడు పాళ్లు. నీ చలి దానివల్లే అయితే, లోకమంతా ఒకేసారి వణకాలిగా?

షాట్ 4 (0:52–1:08) టీవీలో క్రికెట్

పొద్దున్న ఐదు. ముందు గదిలో మఫ్లర్ చుట్టుకున్న నాన్న వీపు మాత్రమే కనపడుతుంది, చేతిలో పొగలు కక్కే టీ గ్లాసు. టీవీలో మెల్‌బోర్న్, డిసెంబర్ 26న మొదలయ్యే టెస్టు. గ్యాలరీలో జనం టోపీలు, పొట్టి చేతుల చొక్కాలు, మొహాలకి సన్‌స్క్రీన్ తెల్లగా. గదిలో నీలిరంగు చలి, తెరలో పసుపు ఎండ, రెండు రంగులూ ఒకే ఫ్రేమ్‌లో పడాలి.
సింధు: వాళ్లకి ఎండాకాలమా? భూమి ఒకటే, రోజు ఒకటే, దూరం కూడా ఒకటే కదా…
ఆ "కదా" దగ్గర మాట తెంపేయండి. అమ్మమ్మ జవాబు చెప్పదు. టీవీ ఆగిపోతుంది, కరెంటు పోయింది.

షాట్ 5 (1:08–2:00) బత్తాయి

కరెంటు వచ్చాక అదే గది, రాత్రి. మధ్యలో స్టూలు, దాని మీద ఒకే ఒక బల్బు. కుడి గోడకి తేదీల క్యాలెండర్. అమ్మమ్మ బత్తాయికి చీపురుపుల్ల గుచ్చి, పెన్నుతో నడుముకి కాస్త పైన చుక్క పెడుతుంది.
క్లోజప్: పుల్ల దిగినచోట తొక్క మీద నూనె చెమ్మ మెరుస్తుంది. దీనికి రెండు సెకన్లు ఇవ్వండి, పిల్లలకి వాసన రావాలి.
అమ్మమ్మ: ఈ చుక్క మన ఊరు. పుల్లని ఇలా ఇరవై మూడున్నర డిగ్రీలు వాల్చు. పై కొస క్యాలెండర్ వైపు. ఇప్పుడు దీపం చుట్టూ నడువు.

సింధు ఎడమవైపు, క్యాలెండర్‌కి ఎదురుగా నిలబడి మొదలుపెడుతుంది. నడుస్తుంటే వంటితో పాటు చేయి కూడా తిరిగి, పుల్ల కొస ఎప్పుడూ దీపం వైపే వాలుతుంది. ఆమె అలా పూర్తి చుట్టు తిరగాలి. తప్పు చూపించడానికి తొందరపడకండి.
అమ్మమ్మ: ఆగాగు. అలా అయితే మనకి ఏడాది పొడుగునా ఎండాకాలమే. పుల్ల దీపాన్ని చూడకూడదు, క్యాలెండర్‌నే చూడాలి.
సింధు: నేను తిరిగినా?
అమ్మమ్మ: నువ్వు తిరిగినా.

రెండో చుట్టు. ఈసారి ఎడమవైపు ఉన్నప్పుడు పుల్ల కొస దీపం మీదికి వాలింది, చుక్క వెలుగుకి ఎదురుగా. మెల్లగా నడిచి కుడికి, దీపానికీ క్యాలెండర్‌కీ మధ్యకి వస్తుంది. పుల్ల అలాగే ఉంది. కానీ ఇప్పుడు పై కొస దీపానికి దూరంగా వాలి ఉంది, చుక్క మీద వెలుగు ఏటవాలు. సింధు చేతిని, పుల్లని, క్యాలెండర్‌ని మార్చి మార్చి చూస్తుంది.
సింధు (నెమ్మదిగా): పుల్ల కదల్లేదు. నేనే ఇటు వచ్చాను.
ఇక్కడ మూడు సెకన్లు నిశ్శబ్దం. ఎడిటింగ్‌లో దీన్ని కోయాలనిపిస్తుంది. కోయొద్దు.

షాట్ 6 (2:00–2:30) అదే, ఆకాశంలో

బత్తాయి మీద నుంచి డిసాల్వ్, అదే చోట అదే వాలుతో భూమి. క్యాలెండర్ బదులు ధ్రువ నక్షత్రం, అక్షం పై కొస చూపే దిక్కున, బాగా ఎత్తులో, దూరంగా. కెమెరా పైనుంచి పక్కకి దిగుతూ రావాలి, కట్ లేకుండా, గుండ్రంగా ఉన్న కక్ష్య మన కళ్ల ముందే అణిగినట్టు కనపడాలి. అప్పుడే అది కోణం వల్ల వచ్చిన గుడ్డు ఆకారమని తెలుస్తుంది. మార్చి సూర్యుడి వెనక పడుతుంది, సెప్టెంబర్ ముందు.
ఎడమ చివర ఆగండి: జూన్ 21. ఉత్తరార్ధం సూర్యుడి వైపు. కుడి చివర ఆగండి: డిసెంబర్ 21. ఉత్తరార్ధం అటు తిరిగి, దక్షిణార్ధం ఇటు. మెల్‌బోర్న్ దగ్గర టోపీ పెట్టుకున్న చిన్న మనిషి బొమ్మ మెరిసి పోతుంది. మార్చి, సెప్టెంబర్‌లలో ఆగక్కర్లేదు, అక్కడ వంపు అటూ కాదు ఇటూ కాదు, పగలూ రాత్రీ దాదాపు సమానమని అక్షరాల్లో వేస్తే చాలు.
అమ్మమ్మ: వంపు ఎప్పుడూ అదే. మారేది మనం నిలబడ్డ చోటు.

షాట్ 7 (2:30–2:58) గళ్ల కాగితం

పైనుంచి, నేల మీద లెక్కల పుస్తకం గళ్ల కాగితం. టార్చికి అట్టతో చేసిన గొట్టం. నిలువుగా పట్టుకుంటే వెలుగు 20 గళ్ల మీద పడుతుంది. నేలకి 50 డిగ్రీల కోణంలో ఉండేలా వంచితే 26 గళ్లు. వెలుగు పలచబడినట్టు రంగు తగ్గించండి, కానీ టార్చి వెలుగు తగ్గినట్టు కాదు.
సింధు: టార్చి అదే. ఇరవై గళ్ల వెలుగుని ఇరవై ఆరు పంచుకుంటున్నాయి.
50 డిగ్రీలు ఊరికే పెట్టిన అంకె కాదు. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం. డిసెంబర్ 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు నేల నుంచి 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.

షాట్ 8 (2:58–3:28) పెరట్లో కర్ర

మీటరు కర్ర నిలువుగా పాతి ఉంది. మధ్యాహ్నం. సింధు సుద్దముక్కతో నీడ కొస గుర్తు పెడుతుంది. డిసెంబర్ 21 నీడ 84 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు, వంటింటి గడప దాకా. నెలలు మారుతూ నీడ కుంచించుకుంటుంది. మే మొదటి వారంలో మాయం. జూన్ 21కి 12 సెంటీమీటర్లు, కానీ దక్షిణం వైపు. ఈ దిక్కు మార్పు యానిమేటర్లు మర్చిపోతారు, ఆ తర్వాత నాకు ఫోన్ చేస్తారు. మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మాయం.
పక్కన చిన్న గడియారం: డిసెంబర్ పగలు 11 గంటలు దాటీ దాటకుండా, జూన్ పగలు 13 గంటల పైమాట.
అమ్మమ్మ: ఎండ నిటారుగా పడుతుంది, పైగా రెండు గంటలు ఎక్కువసేపు కాస్తుంది. వేడెక్కక ఏం చేస్తుంది నేల?
సింధు: మరి జూన్ కన్నా మే నెలలోనే ఎండలు ఎక్కువ కదా?
అమ్మమ్మ: జూన్‌లో మబ్బులొచ్చి అడ్డం పడతాయిగా!
ఉరుము. కర్ర మీద తొలి చినుకు, సుద్ద గుర్తులు చెదురుతాయి.

షాట్ 9 (3:28–3:40)

వాన వెలిశాక అరుగు మీద సింధు బత్తాయి వొలుస్తోంది. చీపురుపుల్ల జడలో దోపుకుంది. ఒక తొన నోట్లో పెట్టుకుని మొహం ముడుస్తుంది, పుల్లగా ఉంది.
సింధు: అమ్మమ్మా, ఈ పుల్ల అసలు వాలకపోతే?
అమ్మమ్మ నవ్వి ఇంకో తొన లాక్కుంటుంది. తెర చీకటి. అక్షరాల్లో ఒకే ప్రశ్న: "పుల్ల నిటారుగా ఉంటే డిసెంబర్‌లో మీ ఊళ్లో మధ్యాహ్నం నీడ ఎంత?" జవాబు మన దగ్గర పెట్టుకోండి, టీచర్ కార్డు మీద మాత్రం రాయండి: విజయవాడలో మీటరు కర్రకి ఏడాదంతా దాదాపు 30 సెంటీమీటర్లు, ఎప్పుడూ ఉత్తరం వైపే.