చదవని నాలుగు వరుసలు

ఉత్తరాల సంచి వచ్చిన రోజు మా ఓడలో అన్నం ఆలస్యమయ్యేది. నాంచారయ్యకు వచ్చే ఉత్తరాలు చదవాల్సింది భండారీ పౌలోస్ మరి. అవి మలయాళంలో ఉండేవి. వైర్‌లెస్ గదిలో కూర్చునే మార్కోనీ సాబ్‌ది కూడా కొట్టాయమే గానీ ఆయన ఆఫీసరు. ప్రేమలేఖ పట్టుకుని ఆఫీసర్ల అంతస్తు మెట్లెక్కే ధైర్యం మా డెక్కు వాళ్ళలో ఎవడికీ లేదు.

అది 1978. వైజాగ్ అవుటర్ హార్బర్‌లో ఇనుప ఖనిజం నింపుకుని జపాన్ వెళ్ళే బల్క్ క్యారియర్. ఒకసారి జపాన్‌లో ఖాళీ అయిందంటే ఇక సరుకెక్కడ దొరికితే అక్కడికే. ఇంటి ముఖం చూసేది కాంట్రాక్టు అయ్యాకే. నేను మెస్‌బాయ్‌ని, కాకినాడ జగన్నాథపురం నుంచి కొత్తగా ‘నల్లీ’, అంటే ఓడ ఉద్యోగానికి కావలసిన పుస్తకం, చేయించుకుని ఎక్కినవాణ్ణి. గిన్నెలు తోమడం, ఉల్లిపాయలు తరగడం, పౌలోస్ తిట్లు తినడం నా డ్యూటీ. అందుకే ప్రతి ఉత్తరం మొదటి వాక్యం నుంచి చివరి ముద్దుల దాకా విన్నాను.

నాంచారయ్యది నాగాయలంక దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. మనిషి బండ. చుక్కాని పట్టుకుంటే నాలుగ్గంటలు పలకడు. ఆ మార్చిలో వైజాగ్‌లో వేరే ఓడను రేవుకు కడుతుంటే తాడు తెగి అరచెయ్యి చీలిపోయింది. ఆస్పత్రిలో కట్టుకట్టిన నర్సు లీలమ్మ. పాలా దగ్గర పల్లెటూరి పిల్ల. తెలుగు గలగలా మాట్లాడుతుందట, రాయడం రాదు. ఇంగ్లీషు రాయగలదు, అది ఇతనికి రాదు. “మీ ఓడల్లో మావాళ్ళు లేకుండా ఉంటారా, ఎవరో ఒకరితో చదివించుకో” అని మలయాళంలోనే రాసేది.

పౌలోస్ వైజాగ్ హోటళ్ళలో చాలాకాలం పనిచేసినవాడు. తెలుగు బాగానే వచ్చు, కాకపోతే ఆడామగా తేడా ఉండదు. పిండి డబ్బాకు ఉత్తరం ఆనించి, ముందు ఒక వాక్యం మలయాళంలో పైకి చదివేవాడు, కథాప్రసంగం చెప్పేవాడిలాగా. తర్వాత తెలుగు. “ఈ ఊర్లో వాన పడతా ఉంది, నీ చెయ్యి గుర్తొస్తా ఉంది” అనేవాడు. వాన మీద ఆమె రాసింది ఒక్క ముక్కే అయినా పౌలోస్ నోట్లో అది గాలివానయ్యేది. కొబ్బరాకులు ఊగేవి, కిటికీ రెక్క కొట్టుకునేది. నాంచారయ్య తలుపు దగ్గర నిలబడి కట్టు విప్పిన అరచేతికేసి చూసుకుంటూ వినేవాడు.

వినేది అతనొక్కడే అయితే బాగానే ఉండును. ఇంజన్ రూమ్ తేల్‌వాలా టీ కోసమని వచ్చేవాడు. టోపాస్ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేవాడు. రత్నగిరి ముసలి సరంగుకు తెలుగూ రాదు, మలయాళమూ రాదు, అయినా తలుపవతల బీడీ కాలుస్తూ నిలబడి చివర్లో “క్యా బోలీ?” అని అడిగేవాడు. అతనికి హిందీలో చెప్పడం నా వంతు. నెలలు గడిచేసరికి లీలమ్మ నైట్ డ్యూటీలు, హాస్టల్లో నీళ్ళ ఇబ్బంది, చెల్లెలి పరీక్షలు ఓడందరికీ సొంత విషయాలైపోయాయి. ఆమె చెల్లెలు పాసైందని తెలిసిన రోజు సరంగు నాంచారయ్యకు సిగరెట్ పెట్టె ఇచ్చాడు.

జవాబులూ పౌలోసే రాసేవాడు. నాంచారయ్య చెప్పేది రెండు ముక్కలు: “బాగున్నాను. భోజనం బాగుంది.” పౌలోస్ పెన్ను మాత్రం పేజీ దాటేది. ఏం రాస్తున్నావన్నా అంటే, “నువ్వు చెప్పిందే. కొంచెం ఉప్పు వేశా” అనేవాడు. ఇది తప్పా ఒప్పా అని నేనిప్పటికీ తేల్చుకోలేదు. ఆ ఉప్పు లేకపోతే రెండో ఉత్తరం వచ్చేది కాదని మాత్రం చెప్పగలను.

ఆస్ట్రేలియా పోర్ట్ హెడ్లాండ్‌లో ఖనిజం ఎత్తుకుని రెండోసారి జపాన్‌లోని చీబా చేరినప్పుడు ఏజెంటు లావుపాటి కవరు తెచ్చాడు. మూడు కాగితాలు, రెండేపులా రాసినవి. పౌలోస్ మామూలుగానే మొదలుపెట్టాడు. రెండో కాగితం తిప్పాక గొంతు ఆగింది. కళ్ళు మాత్రం కిందికి పోతున్నాయి. కాస్త ఆగి, “ఇక్కడ వాన చాలా పడతా ఉంది” అన్నాడు.

“వాన ఇందాకే పడిందిగా!” అన్నాడు తేల్‌వాలా.

“కేరళ అమ్మాయిరా, మళ్ళీ పడుద్ది” అని కాగితాలు మడిచేశాడు.

ఆ రాత్రి సాంబారులో ఉప్పు లేదు. మర్నాడు రెండింతలు పడింది. పౌలోస్ పాట మానేశాడు. నాంచారయ్య జవాబు రాయమని వస్తే, “చెయ్యి ఖాళీ లేదు, పో” అని కసిరాడు.

చీబాలో ఖాళీ అయ్యాక, గంధకం కోసం వాంకోవర్ బయలుదేరాం. శీతాకాలం ఉత్తర పసిఫిక్‌లో ఖాళీ ఓడ ప్రయాణం ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకే తెలుసు. పొయ్యి మీద గిన్నెలకు ఇనుప కడ్డీలు అడ్డం పెట్టి కట్టేవాళ్ళం. టేబుల్ మీద ప్లేట్లు జారకుండా దుప్పటి తడిపి పరిచేవాణ్ణి. తేదీ రేఖ దాటిన చోట సోమవారం రెండుసార్లు వచ్చింది. ఆ రెండో సోమవారం మధ్యాహ్నం, వంటింట్లో నేను తప్ప ఎవరూ లేనప్పుడు, పౌలోస్ నాంచారయ్యను పిలిచి లోపల గడియ పెట్టాడు. నన్ను పొమ్మనలేదు. బంగాళాదుంపల బుట్ట ముందు నేనున్నట్టు గుర్తులేదనుకుంటా.

“రత్తమ్మ ఎవరు?”

నాంచారయ్య పలకలేదు.

“నెలనెలా నీ జీతంలో సగం ఆ పేరుకు పోతుంది. కెప్టెన్ దగ్గర అలాట్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు నీ వెనకాల లైన్లో ఉన్నది నేనే. చూశా. మనకెందుకులే అనుకున్నా. ఇప్పుడు లీలమ్మ అడుగుతుంది.”

జేబులోంచి కాగితం తీశాడు. ఆ రోజు మింగేసిన నాలుగు వరుసలు అప్పుడు చదివాడు. ఒక్క మాట కూడా కలపకుండా, సరుకుల లిస్టు చదివినట్టు.

“ఈ ఉత్తరం చదువుతున్న చేట్టన్‌కు. ఇక్కడి నుంచి నాలుగు వరుసలు పైకి చదవకండి. ఆయనతో ఒక కంచంలో తింటున్నారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది. ఆయన డబ్బు ఒక ఆడమనిషి పేరు మీద పోతోందని ఇక్కడొక ఓడవాడు చెప్పాడు. పెళ్ళయిందా? మా ఇంట్లో కువైట్ అబ్బాయి ఫోటో పంపారు. మలయాటూర్ కొండ మీద ఒట్టు, నిజం రాయండి.”

ఓడ ఒక పక్కకు ఒరిగి చాలాసేపటికి లేచింది. నాంచారయ్య స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

“వదిన” అన్నాడు.

పోయిన ఏడు నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు ఇతను గల్ఫ్‌లో ఏదో ఓడ మీద ఉన్నాడు. రేడియోలో ‘దివిసీమ’ అన్న మాట విన్నాడు గానీ తన ఊరి సంగతి తెలియడానికి రోజులు పట్టింది. జనవరిలో ఇంటికెళ్తే ఇల్లు లేదు. అన్న లేడు. శవం కూడా దొరకలేదు. వదిన ఇద్దరు పిల్లల్ని చీరకొంగుతో తాటిచెట్టుకు కట్టుకుని తెల్లారేదాకా ఉండి బతికింది. నెల తిరక్కుండా పెద్దలు కూర్చున్నారు. పిల్లలు బయటివాళ్ళ పాలు కాకూడదు, తమ్ముడే చేసుకోవాలి అన్నారు. అమ్మా అదే మాట.

“నువ్వేమన్నావు?”

“ఏమీ అన్లేదు. ఓడెక్కేశా.”

“వదిన ఏమంది?”

“ఆమెనెవరూ అడగలేదు. నేనూ అడగలేదు.” కాస్సేపాగి, “నాకు తొమ్మిదేళ్ళప్పుడు కాపురానికొచ్చింది. వలకి ముడెయ్యడం ఆమే నేర్పింది నాకు” అన్నాడు.

“లీలమ్మకు ఇదంతా తెలుసా?”

“ఇంటి దగ్గర అమ్మ ఒక్కతే అని చెప్పా.”

పౌలోస్ మలయాళంలో ఏదో గొణిగాడు. తిట్టే అయ్యుంటుంది, అనువాదం చెప్పలేదు.

“నువ్వు రాసెయ్యన్నా. నువ్వయితే బాగా రాస్తావు” అన్నాడు నాంచారయ్య.

“రాయను. ఆమె అడిగింది నన్ను. నేను రాస్తే వంటోడి సర్టిఫికెట్ అవుతుంది. నువ్వు చెప్పు. చెప్పింది చెప్పినట్టు దించుతా. ఈసారి ఉప్పు లేదు.”

గంట పట్టింది. నాంచారయ్య ఒక వాక్యం చెప్పి, ఓడ రెండుసార్లు ఒరిగాక ఇంకో వాక్యం చెప్పేవాడు. అన్న పేరు, ఉప్పెన తేదీ. జీతంలో సగం వదినకు పోతుంది, పిల్లలు పెద్దయ్యేదాకా పోతూనే ఉంటుంది, నీతో పెళ్ళయినా అంతే. పెద్దలు వదినను చేసుకోమన్నారు, నేను ఊ అనలేదు, కాదనీ అనలేదు, భయపడ్డాను. ఇప్పుడు కాదంటున్నాను, ఇదే మాట వదినకు ఈ రోజే తెలుగులో నా చేత్తో రాస్తున్నాను. కువైట్ అబ్బాయి మంచివాడైతే నీ ఇష్టం.

పౌలోస్ తిరిగి చదివి వినిపించాడు. నాంచారయ్య ముఖం చిట్లించాడు.

“ఇందులో ప్రేమ ఒక్క ముక్క లేదన్నా.”

“ఇన్నాళ్ళ ఉత్తరాల్లో నేను పెట్టినదంతా ఆమె దగ్గరే ఉంది. సరిపోద్ది. సంతకం పెట్టు.”

వాంకోవర్‌లో గంధకం గుట్టలు రేవంతా పచ్చగా మెరుస్తుంటే, ఆ రెండు ఉత్తరాలూ ఏజెంటు చేతికిచ్చాం. బొంబాయి ఆఫీసు చుట్టూ తిరిగి రావడం ఆలస్యమని, పౌలోస్ కవరు వెనక రోటర్‌డామ్ ఏజెంటు అడ్రసు రాశాడు. ఆ పైన పనామా కాలువ, అట్లాంటిక్. దారి పొడుగునా నాంచారయ్య డ్యూటీలో చుక్కాని తప్పలేదు గానీ, భోజనం దగ్గర నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవాడు. గడియ వెనక ఏం జరిగిందో నేనెవరికీ చెప్పలేదు. అయినా నాలుగు రోజుల్లో ఓడంతా తెలిసిపోయింది. ఎవరూ అతన్ని ఆటపట్టించలేదు. సరంగు మాత్రం నన్ను పక్కకు పిలిచి, “బచ్చే కిత్‌నే హైఁ?” అని అడిగాడు.

రోటర్‌డామ్‌లో కవరు వచ్చింది. పల్చగా ఉంది, ఒకే కాగితం. తేల్‌వాలా, టోపాస్, సరంగు తలుపు దాకా వచ్చి అక్కడే ఆగిపోయారు. పౌలోస్ చేతులు తుడుచుకుని, ముందు మనసులో చదవబోయి మొదటి వరుసకే ఆగాడు.

“ఇది నాకే రాసింది. ‘చేట్టా, ఈసారి అంతా పైకే చదవండి, అందరూ వింటారని నాకు తెలుసు’ అంటా ఉంది.”

అందరూ లోపలికొచ్చారు.

లీలమ్మ వాన గురించి రాయలేదు. ఉప్పెన వారంలో సెలవుల మీద ఇంటికి వెళ్ళానని, తిరిగొచ్చాక దివిసీమకు మందులు కట్టి పంపిన నర్సుల్లో తనూ ఉన్నానని రాసింది. ఆ పెట్టెలు ఎవరికి వెళ్ళాయో అప్పుడు ఆలోచించలేదట. కువైట్ ఫోటో ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉంది, తిప్పి పంపలేదు. అబద్ధం చెప్పినందుకు కోపం తగ్గలేదు, ఎప్పుడు తగ్గుతుందో చెప్పలేను. వదినగారి జవాబు ఏమొచ్చిందో నాకు తెలియాలి. పిల్లల వయసెంత? టీకాలు వేయించారా?

అంతే. కింద సంతకం.

“జవాబు రాయి” అన్నాడు సరంగు హిందీలో, తనకొచ్చిన ఉత్తరంలాగా.

పౌలోస్ పెన్ను తీశాడు. నాంచారయ్య గొంతు సవరించుకున్నాడు.

“పెద్దోడికి ఏడు. చిన్నదానికి నాలుగు. టీకాల సంగతి...” నాకేసి చూశాడు. “ఒరే అబ్బాయ్, టీకా వేస్తే భుజం మీద మచ్చుంటుంది కదా? పెద్దోడికి ఉంది. చిన్నదానికి చూళ్ళేదు.”

“చూళ్ళేదు అనే రాయనా?” అన్నాడు పౌలోస్.

“అదే రాయి. వదినను అడిగి చెప్తానని రాయి.”